ట్రెంచ్ కోటు కుడి భుజం మీద ఆ అదనపు గుడ్డ ముక్క దేనికి? నాది కారుతోంది, సాయం చేయండి

లీడ్స్_శ్రీను
అందరికీ నమస్తే. నేను లీడ్స్‌లో ఉంటాను. పోయిన నెల ఇక్కడ ఒక సెకండ్ హ్యాండ్ షాపులో మగవాళ్ళ ట్రెంచ్ కోటు కొన్నాను, ఖాకీ రంగు, రెండు వరసల గుండీలు, నడుముకి బెల్టు, భుజాల మీద పట్టీలు, అన్నీ ఉన్నాయి. పాతదే కానీ గట్టిగా ఉంది. నిన్న బస్‌స్టాప్ నుంచి ఇంటికి పావుగంట వర్షంలో నడిచానండి, ఇంటికొచ్చి విప్పితే కుడివైపు మెడ ఎముక కింద చొక్కా అరచేతి అంత తడిసిపోయి ఉంది. ఎడమవైపు పొడిగానే ఉంది, వీపు కూడా పొడిగానే ఉంది. కుడి భుజం మీదే ఒక గుడ్డ ముక్క వేలాడుతుంటుంది, భుజం కుట్టులో, చంక కుట్టులో కలిపి కుట్టేశారు, కింద మాత్రం వదులుగా ఉంటుంది. అది ఫ్యాషన్ కోసం అనుకున్నాను. దానివల్లే కారుతోందేమో, విప్పించేసి సాదాగా చేయించుకోవచ్చా? భుజం పట్టీలు కూడా బ్యాగుకి అడ్డం పడుతున్నాయి, వాటిని కూడా తీయించేయాలని ఉంది.

చరిత్రపిచ్చి
శ్రీను గారూ తీయకండి తీయకండి!! దాన్ని గన్ ఫ్లాప్ అంటారు, మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. రైఫిల్ పేల్చినప్పుడు మడమ భుజానికి గట్టిగా తంతుంది కదా, ఆ దెబ్బ తగలకుండా కుడి భుజం మీద అదనంగా ఒక పొర పెట్టారు. అందుకే ఒక్క కుడివైపే ఉంటుంది. భుజం పట్టీలు ర్యాంకు బిళ్ళలు పెట్టుకోవడానికి, బెల్టుకి ఇత్తడి రింగులు ఉంటే అవి గ్రెనేడ్లు తగిలించుకోవడానికి. మొత్తం యుద్ధం కోసమే తయారైన కోటు అది, ఒక్కో ముక్క వెనక ఒక్కో కథ ఉంది.

బైక్‌రాజా
అన్నా ఇది హైదరాబాద్‌లో బైక్ మీద వర్షానికి పనికొస్తుందా? నాకు రెయిన్‌కోటు కావాలి, పొడుగ్గా ఉండేది, ఎక్కడ దొరుకుతుంది?

కాజామాస్టర్
బైక్‌రాజా తమ్ముడూ, వద్దు. ఇది నడిచేవాళ్ళ కోటు. బైక్ మీద కూర్చుంటే కింది భాగం విడిపోయి గాలికి వెనక్కి ఎగురుతుంది, చైన్‌లోనో వెనక చక్రంలోనో చిక్కుకుంటే ప్రమాదం. నీకు ప్యాంటు, జాకెట్ విడివిడిగా ఉండే రెయిన్‌సూటే కరెక్ట్.

శ్రీను గారూ, మీరు ఏదీ విప్పించకండి, ముందు ఒక్క మాట చెప్పండి. నేను బెంగళూరులో ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళు కటింగ్ మాస్టర్‌గా చేశాను, కోట్లే ఎక్కువ కట్ చేశాం. వర్షంలో నడిచినప్పుడు గుండీలు మెడ దాకా పెట్టుకున్నారా? పెట్టుకుంటే ఆ ఫ్లాప్ ఎక్కడుంది, ఎడమ పల్లె, అంటే కోటు ఎడమ ముందు భాగం, దాని కిందా, పైనా? అద్దం ముందు నిలబడి చూసి చెప్పండి.

లీడ్స్_శ్రీను
ఇప్పుడే వేసుకుని చూశాను మాస్టారూ. మెడ దాకా పెట్టుకున్నాను. ఎడమవైపు పల్లె కుడి మీదకి వచ్చి మూసుకుంటుంది, ఫ్లాప్ దాని కింద ఉండిపోయింది. అంటే ముందు కుడి పల్లె, దాని మీద ఫ్లాప్, అన్నిటికన్నా పైన ఎడమ పల్లె. కోటు వేసుకుంటే అలాగే పడుతుంది కదా, నేనేమీ ఆలోచించలేదు.

కాజామాస్టర్
అదేనండి మీ తడికి కారణం. మన ఊళ్ళో పెంకుటిల్లు గుర్తు తెచ్చుకోండి. పై వరస పెంకు కింది వరస పెంకు మీదకి రావాలి, అప్పుడే నీళ్ళు జారిపోతాయి. ఎవరైనా తెలియక కింది పెంకుని పైదాని మీదకి ఎక్కిస్తే ఏమవుతుంది, పై నుంచి జారిన నీళ్ళన్నీ ఆ సందులోంచి ఇంట్లోకి దిగుతాయి. మీ కోటులో అదే జరిగింది. కాలర్ నుంచి, కుడి భుజం నుంచి జారిన నీళ్ళు ఫ్లాప్ మీదుగా కిందికొచ్చాయి, అక్కడ ఎడమ పల్లె అంచు ఎదురైంది, ఆ అంచు ఫ్లాప్ మీద ఉంది కాబట్టి నీళ్ళు దాని వెనక్కి దూరాయి. అక్కణ్ణించి సరిగ్గా మెడ ఎముక కిందికే చేరతాయి.

ఇప్పుడు ఇలా చేయండి. ఫ్లాప్ పైకెత్తండి, ఎడమ పల్లె పై మూలని దాని కిందకి దూర్చండి, తర్వాత ఫ్లాప్‌ని ఎడమ పల్లె మీద పరచండి. ఫ్లాప్ మూల దగ్గర ఒక కాజా ఉంటుంది చూడండి, దానికి సరిపడే గుండీ ఉంటుంది, పెట్టేయండి. ఇప్పుడు పై పెంకు ఫ్లాప్, కింది పెంకు ఎడమ పల్లె. నీళ్ళు ఫ్లాప్ మీంచి ఎడమ పల్లె బయటి ముఖం మీదకి పడి కిందికి పోతాయి. దీన్ని స్టార్మ్ ఫ్లాప్ అని కూడా అంటారు, ఆ పేరు అందుకే వచ్చింది.

వీపు మీద కూడా ఒక పొర వదులుగా ఉంటుంది కదా, చిన్న కేప్ లాగా, దాని పని కూడా ఇదే, భుజాల మీద నీళ్ళని వీపుకి అంటకుండా దూరంగా రాల్చడం.

చరిత్రపిచ్చి
మాస్టారూ మీ పెంకుల లెక్క బాగుంది, కానీ రైఫిల్ సంగతి నేను చాలా చోట్ల చదివాను. రెండూ నిజమే అయ్యుండొచ్చు కదా?

కాజామాస్టర్
చదివే ఉంటారు, చాలా మంది రాస్తారు. ఒక్కసారి ఆలోచించండి, ఈ కోటు ఎవరికోసం చేశారు? బ్రిటిష్ ఆర్మీలో ఆఫీసర్లు తమ యూనిఫామ్ తామే డబ్బు పెట్టి కుట్టించుకునేవాళ్ళు, ట్రెంచ్ కోటు అలా వాళ్ళు టైలర్ల దగ్గర కొనుక్కున్నది. మామూలు సిపాయికి ఇచ్చింది మందమైన ఉన్ని గ్రేట్‌కోటు. రైఫిల్ మోసేది సిపాయి, ఆఫీసర్ చేతిలో రివాల్వర్. భుజానికి ఆనించని తుపాకీకి భుజం మీద దిండెందుకు? పైగా ఆ ఫ్లాప్ ఒక్క పలచటి గుడ్డ, లోపల దూది లేదు, మెత్త లేదు, దెబ్బని ఏం ఆపుతుంది?

చరిత్రపిచ్చి
ఆఫీసర్లలో కూడా రైఫిల్ పట్టుకున్నవాళ్ళున్నారు సార్. జర్మన్ స్నైపర్లు ఆఫీసర్లని ఏరి ఏరి కొట్టేవాళ్ళు కాబట్టి కొందరు సిపాయిల్లాగా కనపడాలని రైఫిల్ తీసుకుని ముందుకెళ్ళేవాళ్ళు. అది మాత్రం నిజం.

కాజామాస్టర్
అది నిజమే, ఒప్పుకుంటాను. కానీ అలా దాక్కోవాలనుకున్నవాడు ఆఫీసర్ అని దూరం నుంచే తెలిసిపోయే ఈ కోటు వేసుకుని వెళ్ళడు కదండీ. పేల్చేవాళ్ళకి ఆ పొర కాస్త పనికొచ్చిందేమో, కాదనను. పెట్టింది మాత్రం దానికోసం కాదని నా నమ్మకం.

స్వాతి_న్యూజెర్సీ
ఇది చదువుతూ అల్మారా తీసి నా కోటు చూశాను. నాది ఆడవాళ్ళ మోడల్, ఫ్లాప్ ఎడమ భుజం మీద ఉంది!! ఆడవాళ్ళ కోట్లలో కుడి పల్లె ఎడమ మీదకి వస్తుంది కదా, అంటే పై పల్లె ఎటు వచ్చి మూసుకుంటే ఫ్లాప్ ఆ వైపు భుజం మీద ఉంటుందన్నమాట. తుపాకీ కోసమే అయితే నాకూ కుడివైపే ఉండాలి కదా, ఎడమచేత్తో కాల్చే ఆడవాళ్ళ కోసం చేశారా ఏంటి. మాస్టారు చెప్పిందే నాకు సరిగ్గా అనిపిస్తోంది.

కాజామాస్టర్
అమ్మా స్వాతీ, మంచి సాక్ష్యం పట్టుకొచ్చావు. ఒక్క జాగ్రత్త, అన్ని బ్రాండ్లూ అలా చేయవు. మూసుకునే వైపు మార్చి ఫ్లాప్ మాత్రం పాత అలవాటుగా కుడివైపే ఉంచేసిన ఆడవాళ్ళ కోట్లు కూడా వస్తుంటాయి, అలాంటి వాటిలో అది సందుని కప్పదు, అలంకారమే. కొనేటప్పుడు మెడ దాకా గుండీలు పెట్టి ఫ్లాప్ ఆ సందు మీదకి వస్తుందో లేదో చూడాలి.

నాటకం_రమణ
నమస్కారం. విశాఖలో మా నాటక సంస్థకి ఒక బ్రిటిష్ ఆఫీసర్ పాత్ర ఉంది, 1916 కాలం. మా దర్జీకి ఫోటో చూపించి కోటు కుట్టించాను. ఆయన ఫ్లాప్‌ని రెండు వైపులా పెట్టి, చుట్టూ మిషన్ కుట్టు వేసి ఛాతీకి అతికించేశాడు. ఇది చదివాక తప్పు జరిగిందని అర్థమైంది. రెండువైపులా ఉండటం తప్పా? స్టేజి మీద ఎవరికైనా తెలుస్తుందా?

కాజామాస్టర్
రమణ గారూ, రెండువైపులా పెట్టిన కోట్లు బజార్లో ఉన్నాయి కానీ మీ కాలానికి ఒకవైపే పెట్టండి. తెలిసేది అతికించడం వల్ల. నటుడు చెయ్యెత్తినా వంగినా నిజమైన ఫ్లాప్ కాస్త లేస్తుంది, మీది ఛాతీకి అంటుకుని అట్టలా ఉంటుంది. ఎడమవైపుది విప్పించేయండి. కుడివైపుది భుజం కుట్టు, చంక కుట్టు ఉంచి, ముందు అంచు, కింది అంచు విప్పించి, ఆ అంచులు మడిచి కుట్టించండి. ముందు మూలలో ఒక కాజా పెట్టించండి. ఒక పూట పని.

ఇంకొకటి, పొడవు ఎంత పెట్టారు?

నాటకం_రమణ
చీలమండల దాకా అండి, ఠీవిగా ఉంటుందని.

చరిత్రపిచ్చి
రమణ గారూ ఇది నేను చెప్తాను, ఇందులో మాస్టారు కూడా కాదనరు అనుకుంటా. ట్రెంచ్ అంటేనే కందకం. 1914 చివర నుంచి ఫ్రాన్స్‌లో, బెల్జియంలో సైన్యాలు కందకాల్లోనే బతికాయి, మోకాళ్ళ దాకా నీళ్ళు, బురద. ఉన్ని గ్రేట్‌కోటు పొడుగ్గా ఉండేది, నీళ్ళు పీల్చి, కింది అంచుకి బురద గడ్డకట్టి, మోయలేనంత బరువయ్యేది. సిపాయిలు కత్తి తీసుకుని కింది భాగం కోసేసుకున్న సందర్భాలున్నాయి. ఆ వెతల్లోంచే తేలిక గుడ్డతో పొట్టి కోటు వచ్చింది. మీ పాత్ర కందకంలో నిలబడేవాడైతే మోకాలి దగ్గరే ఆపేయండి. మన సిపాయిలు కూడా 1914 శరదృతువులోనే ఫ్రాన్స్ వెళ్ళారు, ఆ చలిలో ఆ బురదలో నిలబడ్డారు, వాళ్ళ ఒంటి మీద మాత్రం ఈ కోటు లేదు, అది తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

కాజామాస్టర్
నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. గుడ్డ సంగతి కూడా కలపాలి. థామస్ బర్బెర్రీ 1879లో గ్యాబర్డీన్ అనే గుడ్డ తయారుచేశాడు, 1888లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు వర్షానికి రబ్బరు పూసిన కోట్లు ఉండేవి, మ్యాకింటాష్ అంటారు, నీళ్ళు ఆపేవి కానీ లోపల చెమట కూడా ఆపేసేవి, పైగా రబ్బరు వాసన. గ్యాబర్డీన్‌లో నేసే ముందే నూలుకి నీళ్ళు అంటకుండా మందు పట్టించి, తర్వాత బాగా దగ్గరగా ఏటవాలు గీతల నేత నేస్తారు. వర్షం ముత్యాల్లా జారిపోతుంది, ఒంటి ఆవిరి మాత్రం బయటికి వెళ్తుంది. కానీ ఒక హద్దుంది, ఇది రబ్బరు కాదు, గంటల కొద్దీ కుండపోతలో నిలబడితే తడుస్తుంది. అందుకే కోటు కోత మీద ఇంత శ్రద్ధ పెట్టారు. గుడ్డ ఒక్కటే ఆపలేని నీళ్ళని ఫ్లాపులు, పొరలు, పట్టీలు దారి మళ్ళిస్తాయి.

స్వాతి_న్యూజెర్సీ
బర్బెర్రీయే కనిపెట్టారా ట్రెంచ్ కోటుని? మా ఆఫీసులో ఒకావిడ ఆక్వాస్క్యూటమ్ అని వాదిస్తుంది.

చరిత్రపిచ్చి
రెండు కంపెనీలూ మేమే అంటాయి అండి. ఆక్వాస్క్యూటమ్ 1851లో లండన్‌లో మొదలైంది, క్రిమియా యుద్ధం నుంచీ ఆఫీసర్లకి వర్షపు కోట్లు అమ్మేవాళ్ళు. నా ఓటు బర్బెర్రీకి, ఎందుకంటే 1912లో వాళ్ళు టైలాకెన్ అని ఒక కోటు పేటెంట్ చేశారు, రెండు పల్లెలు ఒకదాని మీదకి ఒకటి బాగా వచ్చి, ముందు గుండీల వరస లేకుండా బెల్టు బకిల్‌తోనే మూసుకునేది. ట్రెంచ్ కోటు బెల్టు దాన్నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

కాజామాస్టర్
ఎవరు ముందు అన్నది నేను తేల్చలేను, బహుశా ఒక్కరు చేసింది కాదు, చాలా మంది టైలర్లు ఆఫీసర్లు అడిగినట్టల్లా ఒక్కోటి మార్చుకుంటూ వచ్చారు. బెల్టు విషయం మాత్రం నాకూ అలాగే అనిపిస్తుంది. టైలాకెన్‌లో కోటుని మూసే పనే బెల్టుది. ట్రెంచ్ కోటుకి పది గుండీలు వచ్చాక ఆ పని గుండీలు తీసుకున్నాయి, బెల్టు నడుము దగ్గర గాలి దూరకుండా బిగించడానికి మిగిలింది.

లీడ్స్_శ్రీను
మాస్టారూ నేను మళ్ళీ వచ్చాను. చెప్పినట్టు ఫ్లాప్ పైన పెట్టి చూశాను, గుండీ దొరికింది, ఇన్నాళ్ళు అది ఎందుకుందో తెలియలేదు. వర్షం కోసం ఆగకుండా బాత్రూమ్‌లోనే షవర్ కింద పరీక్ష చేశాను. కోటు లోపల ఛాతీ దగ్గర రెండువైపులా టిష్యూ పేపర్ పెట్టుకుని, ముందు పాత పద్ధతిలో ఫ్లాప్ కింద ఉంచి, షవర్ తలకి తగలకుండా భుజం మీద పడేట్టు అయిదు నిమిషాలు నిలబడ్డాను, కుడివైపు టిష్యూ ముద్దయింది. కోటు ఆరబెట్టి మర్నాడు ఫ్లాప్ పైన ఉంచి అదే అయిదు నిమిషాలు, టిష్యూ పొడిగా వచ్చింది!! చాలా సంతోషంగా ఉంది. కానీ రెండోసారి భుజం మీద కుట్టు దగ్గర మాత్రం చిన్న తడి తగిలింది, దాని సంగతేంటి? ఇంకా లోపలి పల్లె కిందికి జారుతున్నట్టు ఉంది, నడిస్తే బయటికి కనపడుతోంది.

కాజామాస్టర్
శభాష్, ఇలా చూడాలి. లోపలి పల్లె జారడానికి కారణం చెప్తాను. రెండు వరసల గుండీల కోటులో బయట కనపడే పదిలో ఒక వరసే పనిచేస్తుంది, రెండో వరస చూపుకి. లోపలి పల్లెని పట్టుకోవడానికి లోపల వేరే ఒక గుండీ ఉంటుంది, నడుము ఎత్తులో, లైనింగ్ పక్కన. ముందు అది పెట్టి తర్వాత బయటివి పెట్టండి. అది పెట్టకపోతే రెండు పొరలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా నిలవవు, ఛాతీ మీద రెండు పొరలుండాలన్నదే కదా ఈ కోత ఉద్దేశం, గాలి ఏ వైపు నుంచి కొట్టినా ఒక్క గుడ్డ దాటితే ఇంకో గుడ్డ ఎదురవ్వాలి.

భుజం తడికి రెండు కారణాలు. మీ చెయ్యి భుజం చివర గుండ్రటి కుట్టుతో కలిసిందా, లేక కాలర్ దాకా ఏటవాలుగా వెళ్ళిందా? కాలర్ దాకా వెళ్తే రాగ్లాన్ అంటారు, అందులో భుజం పైన అడ్డంగా కుట్టుండదు. కుట్టంటే సూది రంధ్రాల వరస, నీళ్ళకి దారి. రెండోది, గుడ్డ మందు పోయి ఉంటుంది. స్పూన్‌తో నీళ్ళు భుజం మీద వేయండి, ముత్యంలా నిలిచి దొర్లిపోతే బాగుంది, వెంటనే నల్లటి మచ్చలా పీల్చేస్తే మందు పోయింది.

లీడ్స్_శ్రీను
చూశాను. గుండ్రటి కుట్టే. భుజాల మీద నీళ్ళు పీల్చేస్తోంది, కింద అంచు దగ్గర మాత్రం ఇంకా ముత్యాల్లా నిలుస్తున్నాయి.

కాజామాస్టర్
బ్యాగు పట్టీ రాసుకుని రాసుకుని భుజాల దగ్గర మందు ముందు పోతుంది. డిటర్జెంట్‌తో ఉతక్కండి, దాని శేషం గుడ్డలో మిగిలి నీళ్ళని ఇంకా లాగుతుంది. డ్రైక్లీన్ వాళ్ళకిచ్చి మళ్ళీ వాటర్ రిపెలెంట్ మందు పట్టించమనండి, లేదా కాటన్‌కి పనికొచ్చే స్ప్రే కొని ముందు లోపలి మడత మీద కొట్టి రంగు మారుతుందేమో చూసుకుని అప్పుడు భుజాలకి కొట్టండి. కుట్టు దగ్గర రెండోసారి కూడా కొట్టండి. అయినా గంట వర్షానికి అక్కడ కాస్త తేమ రావచ్చు, ఆ కుట్టు ఉన్నన్నాళ్ళూ అంతే.

స్వాతి_న్యూజెర్సీ
భుజం పట్టీలు తీసేయమంటారా మరి ఆయన్ని? ఎపోలెట్స్ అంటారు కదా వాటిని.

చరిత్రపిచ్చి
పేరు ఎపోలెట్ అయినా అసలు ఎపోలెట్లు వేరు, బంగారు జాలరుతో బల్లపరుపుగా ఉండేవి, బ్రిటిష్ ఆర్మీ వాటిని 1855లోనే వదిలేసింది. ఇవి వట్టి షోల్డర్ స్ట్రాప్స్. వీటి మీద ర్యాంకు గుర్తులు పెట్టుకునేవాళ్ళు. యుద్ధం మొదట్లో ఆఫీసర్ల జాకెట్లలో ర్యాంకు చేతి కఫ్ మీద పెద్దగా కనపడేది, స్నైపర్లు గుర్తుపడుతున్నారని కొందరు దాన్ని భుజానికి మార్చుకున్నారు. శ్రీను గారూ, పట్టీ గుండీ విప్పి బ్యాగు పట్టీని దాని కిందుగా పోనిచ్చి మళ్ళీ గుండీ పెట్టండి, బ్యాగు జారదు. ఆఫీసర్లు బైనాక్యులర్ల పట్టీలు, బ్యాగుల పట్టీలు అలాగే పోనిచ్చేవాళ్ళు.

లీడ్స్_శ్రీను
అయ్యో నేను వాటి మీదుగా వేస్తున్నాను, అందుకే అడ్డం పడుతున్నాయి. ఇక తీయించను. బెల్టుకి వెనక రెండు ఇత్తడి రింగులున్నాయి, ఇంగ్లీషు డి ఆకారంలో, గ్రెనేడ్లు అన్నారు కదా అవి నిజమేనా?

కాజామాస్టర్
ఇది నేను నమ్మను. మిల్స్ బాంబు 1915లో వచ్చింది, దానికి ఒక పిన్, పిన్‌కి ఒక రింగు. రింగుతో బెల్టుకి తగిలిస్తే బాంబు బరువంతా పిన్ మీదే వేలాడుతుంది, కందకంలో పాకుతూ ఎక్కడో తగులుకుని పిన్ ఊడితే తగిలించుకున్నవాడే పోతాడు. గ్రెనేడ్లని సంచుల్లో మోసేవాళ్ళు. రింగులకి మ్యాపు కేసు, నీళ్ళ సీసా లాంటివి తగిలించడం నమ్మదగిన మాట.

చరిత్రపిచ్చి
లివర్ దగ్గర కొక్కెంతో తగిలించి ఉండొచ్చు కదా మాస్టారూ? పూర్తిగా కొట్టిపారేయలేను నేను. సామ్ బ్రౌన్ బెల్టుకి రింగులుండేవి, ఇవి దాని వారసత్వం అని కూడా అంటారు. సామ్ బ్రౌన్ మన దేశంలోనే పనిచేసిన ఆఫీసర్, 1858లో యుద్ధంలో ఎడమ చెయ్యి పోయాక, ఒంటిచేత్తో కత్తి దూయడానికి వీలుగా భుజం మీదుగా పట్టీ ఉన్న బెల్టు వాడాడు, తర్వాత అది ఆఫీసర్లందరి బెల్టు అయింది.

కాజామాస్టర్
సామ్ బ్రౌన్ తోలు బెల్టు, ఇది గుడ్డ బెల్టు, రెండూ ఒకటి కాదు. కానీ రింగుల ఆలోచన అక్కడి నుంచి వచ్చి ఉండొచ్చు, దాని మీద మీతో వాదించను. గ్రెనేడ్ కొక్కెం సంగతి, ఎవరైనా ఆ కాలం ఫోటోలో అలా తగిలించి ఉన్నది చూపిస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను.

నాటకం_రమణ
మా దర్జీ ఎడమ ఫ్లాప్ విప్పేశాడు, కుడిది వదులు చేశాడు, కింద పొడవు కూడా మోకాలి దగ్గరికి తగ్గించాడు. మిగిలిన గుడ్డతో చేతి కఫ్‌లకి పట్టీలు కుట్టమన్నాను, బిగిస్తే వాన ముంజేతిలోకి దిగదట కదా. ఇప్పుడు సందేహం, మా ఆఫీసర్ రెండో అంకంలో కోటు విప్పి కుర్చీ మీద వేస్తాడు, బెల్టు బకిల్ విప్పాలా ముడి వేసి ఉండాలా?

కాజామాస్టర్
బకిల్ రమణ గారూ. తోలు చుట్టిన బకిల్ ఉంటే ఇంకా మంచిది. బెల్టుని ముడి వేయడం తర్వాతి రోజుల సినిమా వాళ్ళ అలవాటు. 1916 ఆఫీసర్ చలికి వణికే వేళ్ళతో కూడా బకిల్‌నే విప్పేవాడు. రిహార్సల్‌లో తడి గుడ్డతో ఒకసారి చేయించి చూడండి, తడిసిన బెల్టు కన్నంలోంచి అంత తేలిగ్గా రాదు, నటుడికి ఆ రెండు క్షణాలు దొరుకుతాయి.